స ప స గ ప: స్లైడ్ నుంచి రాక్ రిఫ్ దాకా

1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌విలర్ స్టేషన్‌లో డబ్ల్యూ. సి. హాండీ రైలు కోసం ఎదురుచూస్తుంటే, పక్కన ఓ నల్లజాతి మనిషి గిటార్ తీగల మీద కత్తిని జార్చుతూ పాడుకుంటున్నాడు. హవాయీ గిటారిస్టులు ఉక్కు కడ్డీతో వాయించే తీరు అది. గోటువాద్యం విన్న చెవికి ఆ జారుడు కొత్త కాదు. అయితే గోటువాద్యంలో జారేది రాగం. అమెరికాలో జారింది మొత్తం కార్డ్. రాక్ గిటార్‌కు ఆ తేడాయే మూలం.

వేళ్లు ఒక్కో తీగను ఒక్కో మెట్టు మీద నొక్కగలవు. కడ్డీ అలా వంగదు, ఏ మెట్టు మీద పెట్టినా అన్ని తీగలనూ ఒకే గీతలో తాకుతుంది. మామూలు శ్రుతిలో ఆరు తీగలూ కలిపి మీటితే మేజర్ కార్డ్ పలకదు. అందుకే డెల్టా వాయిద్యకారులు తీగలనే కార్డ్‌గా శ్రుతి చేసుకున్నారు. ఒకటి, ఐదు, ఆరు తీగలను ఒక్కో స్వరం కిందికి దించితే ఓపెన్ జి వస్తుంది. మన లెక్కలో, మంద్ర తీగ నుంచి పైకి: ప స ప స గ ప. ఇక కడ్డీ ఎక్కడ ఆనినా మేజర్ కార్డే. ఐదో మెట్టు మీద మధ్యమపు కార్డ్, ఏడో మెట్టు మీద పంచమపు కార్డ్, పన్నెండో మెట్టు మీద మళ్లీ షడ్జమం. బ్లూస్ పాటకు కావలసిన మూడు కార్డులూ అక్కడితో సరి.

1951లో ఎల్మోర్ జేమ్స్ ‘డస్ట్ మై బ్రూమ్’ను ఓపెన్ డి శ్రుతిలో, పన్నెండో మెట్టు దగ్గర స్లైడ్ ఆనించి త్రిశ్రంలో దంచాడు. ఇరవై ఏళ్ల తర్వాత డ్వేన్ ఆల్‌మన్ ఉంగరపు వేలికి మందుబిళ్లల సీసా తొడుక్కుని, ఓపెన్ ఇ శ్రుతిలో అదే పద్ధతిని పాడే గొంతులా మార్చాడు. స్లైడ్ మోగాల్సింది మెట్టు కమ్మీకి సరిగ్గా పైన, వేలిలా కమ్మీకి వెనక కాదు. కాస్త తేడా వచ్చినా శ్రుతి పోతుంది. గట్టిగా అదిమితే తీగ కమ్మీకి కొట్టుకుని గరగరమంటుంది. అందుకే తీగలను కాస్త ఎత్తులో ఉంచి, స్లైడ్ వెనకున్న వేళ్లతో అనవసరపు మోతను అణచాలి.

నా లెక్కన అసలు మలుపు స్లైడ్‌ను పక్కన పెట్టి, దాని శ్రుతిని ఉంచుకున్నప్పుడు వచ్చింది. 1960ల చివర్లో కీత్ రిచర్డ్స్ ఓపెన్ జి పట్టుకున్నాడు. అందులో రై కూడర్ ప్రభావం ఉంది. ఆరో తీగ పలికే పంచమం షడ్జమానికి కింద పడి మోతను బరువెక్కిస్తుందని దాన్ని తీసేశాడు. మిగిలింది స ప స గ ప. 1981 నాటి ‘స్టార్ట్ మీ అప్’ రిఫ్ చూడండి. చూపుడు వేలు ఐదో మెట్టు మీద అడ్డంగా పడుకుంటుంది, అది సి మేజర్. దాన్ని కదపకుండా, రెండో తీగ మీద ఒక మెట్టు పైన మధ్యవేలు, నాలుగో తీగ మీద రెండు మెట్లు పైన ఉంగరపు వేలు పెడితే గాంధారం మధ్యమం అవుతుంది, పంచమం ధైవతమవుతుంది. ఇది ఎఫ్ కార్డ్, కానీ సి ఇంకా కిందే మోగుతోంది. వేళ్లు ఎత్తితే మళ్లీ సి. అదే ఆకారాన్ని మూడో మెట్టుకు జరిపితే మరో జంట. రిఫ్ అంతా ఈ వేళ్ల ఎత్తుదింపుల్లోనే ఉంది.

ఇందులో మరో లాభం డిస్టార్షన్ వల్ల తెలుస్తుంది. మామూలు గిటార్ మెట్ల గాంధారం, తంబూరాలో దానంతట అదే పలికే స్వయంభూ గాంధారం కంటే అరస్వరంలో సుమారు ఏడో వంతు ఎక్కువ. యాంప్ పెంచిన కొద్దీ ఆ తేడా అలలుగా కొట్టుకుంటుంది. ఓపెన్ శ్రుతిలో ఎప్పుడూ ఒకే తీగ గాంధారం పలుకుతుంది గనుక, ఆ తీగను అంతమేర తగ్గించుకోవచ్చు. అప్పుడు కార్డ్ నున్నగా మోగుతుంది. కానీ మధ్యమం కూడా అదే తీగ మీద ఉంది, అది కాస్త దిగిపోతుంది. ఎంత తగ్గించాలో చెవి బేరమాడాల్సిందే.

అన్నీ మేజర్ కావడమే ఈ పద్ధతికి అడ్డుగోడ కూడా. కడ్డీతో మైనర్ పాట వాయించాలంటే గాంధారపు తీగను మీటకుండా తప్పించాలి. 1931లో స్కిప్ జేమ్స్ గాంధారాన్నే అరస్వరం దించి, మైనర్‌గా శ్రుతి చేసుకున్న గిటార్‌తో రికార్డ్ చేశాడు. ఆ తీగ మీద ఒకే మెట్టు నొక్కితే మేజర్ తిరిగొస్తుంది గనుక వేళ్లతో వాయించేవాళ్లకు అది తేలిక. కడ్డీ పెట్టేవాడికి మాత్రం ఇప్పుడు అన్నీ మైనరే.