రేంజ్‌కు రైఫిల్ తీసుకెళ్లేటప్పుడు: సంగారెడ్డి నుంచి గచ్చిబౌలి దాకా పాటించాల్సిన జాగ్రత్తలు

హైదరాబాద్ షూటర్లు గగన్ నారంగ్, ఈషా సింగ్ ఒలింపిక్స్ దాకా వెళ్లాక మన ఇళ్లలో కూడా షూటింగ్ నేర్చుకుంటామనే పిల్లలు కనబడుతున్నారు. సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఉండేవాళ్లు ప్రాక్టీస్ కోసం ఎక్కువగా చూసేది గచ్చిబౌలి వైపే. అక్కడ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో 2002 జాతీయ క్రీడల నాటి షూటింగ్ రేంజ్ ఉంది. సంగారెడ్డి నుంచి ముంబై హైవే మీద కంది, ఇస్నాపూర్, పటాన్‌చెరు, లింగంపల్లి మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు. రేంజ్ లోపల చూసుకోవడానికి కోచ్ ఉంటాడు. ఈ 40 కిలోమీటర్లలో మాత్రం బాధ్యత మొత్తం లైసెన్స్ ఉన్న మనిషిదే.

ముందు ఏ ఆయుధమో తేల్చుకోవాలి

కొత్తగా నేర్చుకునేవాళ్లు వాడేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం .177 బోరు మించకుండా, 20 జూల్స్ శక్తి దాటకుండా ఉండే గాలి తుపాకీకి లైసెన్స్ అక్కర్లేదు. కొన్న బిల్లు మాత్రం కేసులోనే పెట్టుకోవాలి. చూసేవాళ్లకు అది గాలి తుపాకీయో, అసలుదో దూరం నుంచి తెలియదు.

50 మీటర్ల పోటీలో వాడే .22 రైఫిల్ అలా కాదు. అది పూర్తి స్థాయి ఫైర్‌ఆర్మ్, లైసెన్స్ తప్పనిసరి. బహిరంగ ప్రదేశంలో తీసుకెళ్లేటప్పుడు దాని కోసం తయారైన కేసులో, బయటకు ఏమాత్రం కనబడకుండా, తీసుకెళ్లే మనిషి అదుపులో ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఇంట్లో మరొకరు మోయాల్సి వస్తే లైసెన్స్‌దారు పక్కన ఉండాలి, లేదా ఆయన రాతపూర్వక అనుమతి ఉండాలి. డ్రైవర్ చేతికిచ్చి "రేంజ్ దగ్గర దింపేయ్" అనడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఖాళీ చేయడంలో వరుస ముఖ్యం

పటాన్‌చెరులో ఉండే 24 ఏళ్ల అమ్మాయి ఆదివారం పొద్దున ప్రాక్టీస్‌కు బయల్దేరుతోందనుకుందాం. లైసెన్స్ ఆమె పేరు మీదే, కారు నడిపేది తండ్రి. రైఫిల్ కేసులో పెట్టే ముందు ఆమె చేయాల్సిన పని ఇది.

రైఫిల్ మూతి మనుషులు లేని దిక్కుకు, గట్టి గోడ వైపు ఉంచాలి. వేలు ట్రిగ్గర్ జోలికి పోకూడదు. ముందు మ్యాగజైన్ తీసేయాలి, ఆ తర్వాతే బోల్ట్ వెనక్కి లాగాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. బోల్ట్ లాగితే లోపలున్న తూటా బయటపడుతుంది, "అయిపోయింది, ఖాళీ" అనుకుంటారు. కానీ మ్యాగజైన్ ఇంకా కిందే ఉంది. బోల్ట్ మళ్లీ ముందుకు తోయగానే అందులోంచి ఇంకో తూటా ఛాంబర్‌లోకి ఎక్కేస్తుంది. ఖాళీ అనుకున్న తుపాకీ పేలిన ప్రమాదాల్లో తరచూ కనబడే కారణం ఇదే.

బోల్ట్ తెరిచాక ఛాంబర్‌లోకి వెలుతురులో చూడాలి. తర్వాత చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి, ఎందుకంటే .22 తూటా చిన్నది, నీడలో కంటికి ఆనదు. తండ్రి కూడా ఒకసారి చూస్తే ఇంకా మంచిది. అప్పుడు ఛాంబర్‌లో నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాలి. ఫ్లాగ్ ఉందంటే లోపల తూటాకు చోటు లేదని అర్థం. పోటీల్లో కూడా ఈ ఫ్లాగ్ తప్పనిసరి. బోల్ట్ ఊడొచ్చే రైఫిల్ అయితే దాన్ని తీసి వేరే సంచిలో పెట్టుకోవచ్చు. బోల్ట్ లేని రైఫిల్ ఎవరి చేతిలో పడ్డా పేలదు.

కేసు ఒకచోట, తూటాలు ఇంకోచోట

రైఫిల్‌కు లోపల ఫోమ్ ఉన్న గట్టి కేసు, దానికి తాళాలు కావాలి. గుడ్డ సంచిలో పెడితే గతుకుల్లో సైట్లు కదిలిపోతాయి, తాళం కూడా వేయలేం. కేసు బయట మూతి ఉన్న వైపు చిన్న గుర్తు పెట్టుకుంటే, తెరిచేటప్పుడు ఎటు తిప్పాలో ముందే తెలుస్తుంది. డిక్కీలో కేసును పడుకోబెట్టి, జారకుండా బెల్టుతో కట్టాలి.

తూటాలు కొన్న డబ్బాలోనే ఉండాలి. .22 డబ్బాలో 50 వస్తాయి. ఈ తూటాలో మంట రగిలించే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. అందుకే విడిగా జేబులోనో, ఇనుప సామాన్ల మధ్యనో దొర్లనివ్వకూడదు. ఆ అమ్మాయికి 60 షాట్ల ప్రాక్టీస్, సరిచూసుకునే షాట్లు కలిపి రెండు డబ్బాలు చాలు. ఆ 100 తూటాలను తాళమున్న చిన్న పెట్టెలో పెట్టి, కారులో వెనక సీటు కింద ఉంచాలి. పెట్టె తాళంచెవి, కేసు తాళంచెవి వేరువేరు. రెండూ ఆమె దగ్గరే ఉండాలి.

ఎయిర్ రైఫిల్ తీసుకెళ్లేవాళ్లకు తూటాల గోల లేదు గానీ, సిలిండర్‌లో 200 బార్ దాకా గాలి ఉంటుంది. ఎండలో ఆపిన కారులో దాన్ని వదలొద్దు. సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూసుకోవాలి, పదేళ్లు దాటినది వాడకూడదు.

దారిలో

రైఫిల్ ఉన్న కారు ఇంటి నుంచి నేరుగా రేంజ్‌కు, రేంజ్ నుంచి నేరుగా ఇంటికి రావాలి. ఇస్నాపూర్‌లో చాయ్ అని, దారిలో చుట్టాల వలీమా అని ఆగొద్దు. శుక్రవారం ప్రాక్టీస్ అయితే జుమా సమయం చూసుకుని ముందో తర్వాతో పెట్టుకోవాలి. మసీదు బయట కారులో రైఫిల్ వదిలి లోపలికి వెళ్తే అది ఎవరి అదుపులోనూ లేనట్టే. ఆగక తప్పకపోతే లైసెన్స్‌దారు కారులోనే ఉండాలి.

పోలీసుల తనిఖీలో ఆపితే పరేషాన్ కావాల్సిన పనేమీ లేదు. చేతులు స్టీరింగ్ మీద, కనబడేలా ఉంచి, అడగకముందే చెప్పేయాలి: "సార్, డిక్కీలో క్రీడా రైఫిల్ ఉంది, ఖాళీగా ఉంది, లైసెన్స్ ఇదిగో." లైసెన్స్, రేంజ్ సభ్యత్వ కార్డు ముందు సీటు దగ్గర పెట్టుకుంటే డిక్కీ తెరిచే అవసరం రాదు. వాళ్లు చూపించమంటేనే, చెప్పినట్టే కేసు తెరవాలి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు లైసెన్స్ ఆయుధాలు ఠాణాలో జమ చేయమంటారు. క్రీడాకారులకు మినహాయింపు ఉన్నా అది కాగితం మీద చేతిలో ఉంటేనే బయల్దేరాలి.

రేంజ్ దగ్గర, తిరుగు ప్రయాణంలో

పార్కింగ్‌లో స్నేహితులకు చూపిద్దామని కేసు తెరవకూడదు. మూసిన కేసుతోనే ఫైరింగ్ పాయింట్ దాకా వెళ్లి, రేంజ్ ఆఫీసర్ చెప్పాక, మూతి టార్గెట్ వైపు ఉండేలా తెరవాలి.

తిరిగొచ్చేటప్పుడు అవే పనులు మళ్లీ మొదటి నుంచి చేయాలి. దానితోపాటు లెక్క కూడా చూసుకోవాలి. తెచ్చినవి 100, కాల్చినవి 72 అయితే డబ్బాల్లో 28 మిగలాలి, కింద ఖాళీ తొడుగులు 72 దొరకాలి. ఒకటి తక్కువైతే అది జాకెట్ జేబులో ఉండొచ్చు, ఫోమ్ సందులో ఉండొచ్చు, రైఫిల్ లోపలే ఉండొచ్చు. అది దొరికేదాకా కేసు మూయకూడదు. పేలకుండా మిగిలిన తూటాను ఇంటికి తేకుండా రేంజ్ ఆఫీసర్‌కు అప్పగించాలి.

ఇంటికి చేరగానే రైఫిల్ ఒక బీరువాలో, తూటాలు వేరే తాళంలో పెట్టాలి. ఆ తాళంచెవులు ఎక్కడున్నాయో ఇంట్లో పిల్లలకు తెలియకూడదు.