రంగు వేయని క్రిమి: మలేరియాను బతికుండగా చూపిన మూడు వెలుతురులు

బస్తర్‌లోని సుక్మా జిల్లాలో జగర్గుండా వైపు పల్లెల్లో ఎవరికైనా చలిజ్వరం వస్తే ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్ వచ్చి వేలు గుచ్చి, రక్తపు చుక్కను కిట్ మీద వేసి, గీత పడిందో లేదో చూస్తుంది. ఆసుపత్రి దాకా వెళ్లగలిగితే అక్కడ స్లైడు తీసి, జీమ్సా రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. బస్తర్‌లో ప్రధానంగా కనిపించేది ఫాల్సిపారం రకం మలేరియా. ఈ రెండు పరీక్షలూ దాన్ని బాగానే పట్టుకుంటాయి. అయితే కిట్ మీది గీత క్రిమి విడిచిన ప్రొటీన్‌కు పడే గీత. మందు వాడి క్రిమి చచ్చాక కూడా అది కొన్ని వారాలపాటు పడుతూనే ఉండొచ్చు. ఇక జీమ్సా స్లైడు మీద కనిపించేది ఎండి, రంగులో మునిగి చచ్చిన క్రిమి. ఆ క్రిమి బతికుండగా, కదులుతుండగా ఎలా ఉంటుందో చూడాలంటే ఏం చేయాలన్న ప్రశ్న మలేరియా శాస్త్రమంత పాతది. ఆ ప్రశ్నకు దొరికిన తొలి జవాబుల్లో ఒకటి మన సికింద్రాబాద్‌లోనే దొరికింది.

అసలు మలేరియా క్రిమిని మొదట చూసినవాడు రంగు వేయకుండానే చూశాడు. 1880 నవంబరులో అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ సైనిక ఆసుపత్రిలో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ ఒక సైనికుడి తాజా రక్తాన్ని చూస్తుండగా, నల్లటి రేణువులున్న ఒక గుండ్రటి కణం నుంచి సన్నటి తంతువులు పుట్టుకొచ్చి కొరడాల్లా కొట్టుకోవడం కనిపించింది. అవి ఫాల్సిపారం మగ బీజకణాలు. నెలవంకలా ఉండే మగ గామెటోసైట్ దోమ కడుపులోకి చేరగానే, లేదా ఒంట్లోంచి బయటికొచ్చి చల్లారిన స్లైడు మీద కూడా, ఓ పది ఇరవై నిమిషాల్లో గుండ్రబడి ఎనిమిది తంతువులను విసురుతుంది. లావెరాన్ కంటికి ఇది చిక్కడానికి కారణం రెండు అదృష్టాలు: ఒకటి ఆ కదలిక, రెండు ఆ నల్ల రేణువులు.

ఆ రేణువుల సంగతి కాస్త విడమరచాలి. క్రిమి ఎర్ర రక్తకణంలో చేరి హీమోగ్లోబిన్‌ను తింటుంది. అందులోని ఇనుముతో కూడిన హీమ్ దానికి విషం. అరగని ఆ హీమ్‌ను స్ఫటికాలుగా గట్టిపరచి ఒక మూల పోగేసుకుంటుంది. దీని పేరు హీమోజోయిన్. క్రిమి శరీరం గాజులా పారదర్శకమైనా ఈ స్ఫటికాలు మాత్రం గోధుమ నలుపుగా కనిపిస్తాయి. రంగు వేయని మలేరియా క్రిమిని చూసిన తొలితరం వాళ్లంతా నిజానికి ఎక్కువగా చూసింది దాని ఎంగిలినే.

రొనాల్డ్ రాస్ కూడా ఆ నలుపునే వెతికాడు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ దగ్గరి బేగంపేటలో హుసేన్‌ఖాన్ అనే రోగి రక్తం తాగించిన మచ్చల రెక్కల దోమలను ఒక్కొక్కటే కోశాడు. ఉక్కపోస్తున్నా పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని వేయించుకోలేదు. చెమట తగిలి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న దోమ కడుపు గోడలో 12 మైక్రాన్ల వెడల్పున్న గుండ్రటి కణాలు, వాటిలో నెలవంకల్లో ఉండే రేణువులలాంటి నల్ల చుక్కలు కనిపించాయి. మర్నాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెద్దవయ్యాయి. పెరుగుతున్నాయంటే బతికున్నవని అర్థం. మామూలు వెలుతురులో రంగు లేకుండా ఇంతకుమించి చూడటం కష్టం. కడుపు గోడ కణాలూ క్రిమీ ఒకేలా పారదర్శకం కావడంతో, నలుపు గనక లేకపోతే రాస్ చేతికి ఏమీ దొరికేది కాదు. మరుసటేడు కలకత్తాలో పక్షి మలేరియా మీద పనిచేస్తూ దోమ లాలాజల గ్రంథుల్లో దారపు పోగుల్లాంటి స్పోరోజాయిట్లను కూడా కనిపెట్టాడు. వాటిలో నలుపు లేదు. పదిపదిహేను మైక్రాన్ల పొడవున సన్నగా, నీటి రంగులో ఉంటాయి. మామూలు మైక్రోస్కోప్‌లో వాటిని పట్టిన ఓపికకు దండం పెట్టాలి.

పారదర్శకమైన దాన్ని కనిపించేలా చేసే పద్ధతులు మూడు. ముందు డార్క్ ఫీల్డ్ సంగతి చూద్దాం. చీకటి గదిలో కిటికీ సందు నుంచి పడే ఎండలో దుమ్ము రేణువులు మెరిసినట్టుగా, వెలుతురును పక్కల నుంచే పంపి, నేరుగా వచ్చే కిరణాలేవీ లెన్సులోకి దూరకుండా చేస్తే, వస్తువు చెదరగొట్టిన వెలుగు మాత్రమే కంటికి చేరుతుంది. ఆ ఏర్పాటును 1850ల్లోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్ వెన్హామ్ చేశాడు. వైద్యంలోకి అది వచ్చింది సిఫిలిస్ వల్ల. 1905లో షౌడిన్ కనిపెట్టిన ఆ మెలికల క్రిమి మామూలు వెలుతురులో దాదాపు కనిపించదు. మరుసటేడు లాండ్‌స్టైనర్, ముఖా డార్క్ ఫీల్డ్‌లో నల్లటి ఆకాశంలో తెల్లటి మెలికలుగా దాన్ని చూపించారు.

మలేరియా రక్తంలో డార్క్ ఫీల్డ్ ఏం చూపిస్తుందంటే, హీమోజోయిన్‌ను. మామూలు వెలుతురులో నల్లగా ఉన్న అదే స్ఫటికం ఇక్కడ నల్లని నేపథ్యంలో మెరుస్తుంది. 1983లో జామ్‌జూమ్ అనే పరిశోధకుడు రంగు వేయని రక్తపు స్లైడుల్లో డార్క్ ఫీల్డ్‌తో మలేరియా పట్టొచ్చని పత్రం రాశాడు. చేసి చూస్తే మాత్రం మెళకువలు ఉన్నాయని తెలుస్తుంది. స్లైడు అడుగున కండెన్సర్‌కూ గాజుకూ మధ్య నూనె చుక్క ఉండాలి. బాగా పెద్దదిగా చూపే నూనె లెన్సులో ఐరిస్ ఉండి, దాని ముఖద్వారం కండెన్సర్ కోణం కన్నా ఇరుకయ్యేదాకా మూయాలి. మూయకపోతే నేరు వెలుతురు దూరి నేపథ్యం నల్లగా కాక బూడిదరంగులోకి మారుతుంది. తప్పు జరిగిందని చెప్పే గుర్తు అదే. ఆ పైన గాజు మీది ప్రతి దుమ్మూ, ప్రతి గీతా నక్షత్రంలా మెరుస్తుంది. రక్తంలోని కొవ్వు బిందువులు కూడా చిన్న చుక్కలుగా ఊగుతుంటాయి. ఒకచోటే వణుకుతున్నదాన్ని నీటి అణువులు తోస్తున్నాయనుకోవాలి. అన్నీ కలిసి ఒకేవైపు పోతుంటే అది ద్రవం పారడం. తంతువు ఒకటి పక్కనున్న ఎర్ర కణాన్ని బలంగా తోసి తిప్పుతుంటే మాత్రం అది బతికున్న మగ బీజకణం.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఫాల్సిపారంలో ముదిరిన క్రిములు లోపలి అవయవాల రక్తనాళాలకు అతుక్కుపోతాయి. వేలి నుంచి తీసిన చుక్కలో ఎక్కువగా ఉండేవి ఉంగరాల్లాంటి లేత దశవి. వాటిలో హీమోజోయిన్ దాదాపు ఉండదు. కనుక వైవాక్స్ రకం మలేరియాలో బాగా పనిచేసే మెరుపు, బస్తర్ జ్వరాల్లో లేత క్రిమిని చూపించలేదు, నెలవంకలను మాత్రం చూపిస్తుంది. డార్క్ ఫీల్డ్‌లో ఏమీ మెరవలేదని ఆ మనిషికి మలేరియా లేదని చెప్పడం ప్రమాదం.

ఫేజ్ కాంట్రాస్ట్ పుట్టిన తీరు వేరు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్‌లో ఉన్న ఫ్రిట్స్ జెర్నికే మైక్రోస్కోప్ మనిషి కాదు. అద్దాలపై గీతల లోపాలు పరీక్షిస్తుండగా 1930లో ఆయనకు ఒక సంగతి తట్టింది. పారదర్శకమైన వస్తువు వెలుతురును తగ్గించదు, కాస్త ఆలస్యం చేస్తుంది. ఆలస్యం కంటికి తెలియదు. అయితే వస్తువును తాకకుండా నేరుగా వచ్చిన వెలుతురును కూడా పావు తరంగం మేర జరిపి, దాని తీవ్రతను కాస్త తగ్గిస్తే ఆ ఆలస్యం వెలుగునీడలుగా మారుతుంది. 1932లో ఆయన జెనాలోని జైస్ సంస్థకు ఈ మాట చెబితే, దీంతో ఉపయోగం ఉంటే మేమే ఎప్పుడో కనిపెట్టేవాళ్లమన్నారట. ఆ మాట జెర్నికే 1953 నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. చివరికి అదే జైస్‌లో కోలర్, లూస్ 1941లో ఈ మైక్రోస్కోప్ పనితీరును వివరించారు.

కండెన్సర్‌లో ఒక వెలుతురు వలయం, లెన్సులో దానికి సరిగ్గా సరిపోయే పలుచని వలయం. ఈ రెండూ ఒకదానిపై ఒకటి పడాలి. ఐపీస్ తీసి చిన్న దుర్బీను పెట్టి రెండింటినీ కలపడం ఆ పనిలో మొదటి మెట్టు. వలయాలు తప్పితే బొమ్మ ఒకపక్క వెలుతురుతో వాలుగా కనిపిస్తుంది. ఎర్ర కణంలోని హీమోగ్లోబిన్ చిక్కన కాబట్టి దాని చుట్టూ ధగధగలాడే అంచు ఏర్పడుతుంది. లోపలి చిన్న ఉంగరాన్ని ఆ అంచు మింగేస్తుంది. కణాలు రెండు వరుసలైతే ఇక ఏమీ చెప్పలేం. అందుకే చుక్కను ఉప్పునీటితో పలచన చేసి ఒకే పొరగా పరచాలి. ఉంగరాల దగ్గర ఇది బలహీనం. కానీ రక్తకణం బయటపడిన దశల్లో దీనికి సాటి లేదు. తంతువులు విసిరే గామెటోసైట్‌ను 400 రెట్లలో చూడటానికీ, దోమ గ్రంథుల నుంచి తీసిన స్పోరోజాయిట్లను లెక్కించడానికీ మలేరియా ప్రయోగశాలలు నేటికీ వాడేది ఇదే. రాస్ మామూలు వెలుతురులో కష్టపడి చూసిన దారాలు ఇందులో ముదురుగా, వంపులు తిరుగుతూ జారుతుంటాయి.

మూడోదైన ఫ్లోరొసెన్స్‌కూ జైస్‌కూ, ఆ కోలర్‌కూ చుట్టరికం ఉంది. 1904లో ఆయన అతినీలలోహిత కిరణాలతో మరింత సన్నటి వివరం చూడాలనుకున్నాడు. కొన్ని వస్తువులు తామే వెలుగు చిమ్మి బొమ్మను పాడుచేశాయి. ఆ పాడుచేసిన వెలుగు కోసమే 1911 నుంచి ఫ్లోరొసెన్స్ మైక్రోస్కోప్‌లు తయారయ్యాయి. రంగు వేయకుండానే వెలిగే జీవులు ఉన్నాయి. పాచిలోని హరితకణాలు నీలి వెలుతురులో ఎర్రగా ప్రకాశిస్తాయి. మలేరియా క్రిమికి అలాంటి సొత్తు లేదు. నీలి వెలుతురు వేసినా అది దాదాపు చీకటిగానే ఉంటుంది. కనుక ఫ్లోరొసెన్స్‌తో బతికున్న మలేరియా క్రిమిని చూపించానని ఎవరైనా అంటే, ఏ వర్ణకం వేశావు, లేదా ఏ జన్యువు చొప్పించావు అని అడగాలి. సాధారణంగా వాడేది ఆక్రిడిన్ ఆరెంజ్. అది డీఎన్ఏకు అంటుకుని ఆకుపచ్చగా, ఆర్ఎన్ఏకు అంటుకుని నారింజ రంగులో వెలుగుతుంది. ముదిరిన ఎర్ర కణంలో కేంద్రకం లేదు కాబట్టి అది నల్లగా ఉండి, లోపలి క్రిమి ఒక్కటే వెలుగుతుంది. డార్క్ ఫీల్డ్‌ను తప్పించుకున్న లేత ఉంగరం ఇక్కడ దొరుకుతుంది. 1991లో జపాన్‌కు చెందిన కవామోటో మామూలు మైక్రోస్కోప్‌కు ఒక ఫిల్టరు అమర్చి, కరెంటు లేనిచోట ఎండతోనే ఈ పద్ధతి నడపొచ్చని చూపించాడు. కోంటా, జగర్గుండా లాంటి చోట్లకు ఇది ఊహకు అందే ఏర్పాటు.

దీనికి మూల్యం ఉంది. ఆక్రిడిన్ ఆరెంజ్ బతికున్న కణంలోకీ పోతుంది, కానీ నీలి వెలుతురు పడేకొద్దీ అక్కడ విషపూరిత ఆక్సిజన్ రూపాలు పుట్టి కణాన్ని దెబ్బతీస్తాయి. చూస్తుండగానే తంతువుల వేగం తగ్గి ఆగిపోతుంది, రంగు వెలిసిపోతుంది. తెల్లకణాలూ, లేత రక్తకణాల ఆర్ఎన్ఏ కూడా వెలుగుతాయి. కేంద్రకం ముక్కలు మిగిలిన ఎర్ర కణం ఒకటి క్రిమిలా మోసం చేస్తుంది. కేంద్రకపు ఆకుపచ్చ పక్కనే నారింజ రంగు పదార్థం కూడా ఉంటేనే క్రిమి అనుకోవాలి.

కనుక ఒకే చుక్క రక్తంలో ఏ పద్ధతికి ఏది చిక్కుతుందో దశను బట్టి మారుతుంది. జ్వరం మొదటి రోజుల్లో ఉంగరాలు కావాలంటే ఫ్లోరొసెన్స్, లేదంటే జీమ్సా. జ్వరం తగ్గాక దోమకు పాకే నెలవంకలు ఇంకా ఉన్నాయా అని చూడాలంటే డార్క్ ఫీల్డ్ చాలు, వాటిలో స్ఫటికాలు మెరుస్తాయి. ఆ నెలవంకలకు తంతువులు విసిరే సత్తువ ఉందా అన్నది మాత్రం ఫేజ్ కాంట్రాస్ట్ కిందే తేలాలి. కవర్ గ్లాస్ అంచులను వాజిలైన్‌తో మూసి, చుక్క ఎండకుండా చూస్తూ పావుగంట ఆగాలి. ఆ పావుగంటలో తంతువులు రాకపోతే గామెటోసైట్ లేత వయసులో ఉందేమో, లేదా గది మరీ వేడిగా ఉందేమో చూసుకోవాలి. చుక్క ఒంటి వేడికన్నా కాస్త చల్లబడితేనే అవి మొదలవుతాయి. మే నెలలో బస్తర్‌లో ఈ పరీక్ష చేయాలంటే ముందు గది చల్లబరచాలి.