ఆకాశంలో చిట్టా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎవరి పాపపుణ్యాల లెక్కైనా చిత్రగుప్తుడి చిట్టాలోనే ఉంటుంది. ఇప్పుడు ఫోన్లలో అదే పనికి మరో పేరు వినిపిస్తోంది: ఆకాషిక్ రికార్డ్స్, అంటే ప్రతి ఆత్మ అనుభవాన్నీ దాచిన విశ్వ గ్రంథాలయం.

పేరులో సగం మనదే. తర్కశాస్త్రంలో ఆకాశానికి గుణం శబ్దం; అక్కడ గ్రంథాలయం ఊసు లేదు. దాన్ని కట్టింది దివ్యజ్ఞాన సమాజం వాళ్లు. వారిలో లెడ్‌బీటర్ 1899లో రాసిన ‘క్లెయిర్‌వాయన్స్’ ఈ మాటను బాగా వ్యాప్తిలోకి తెచ్చింది.

ఆ చిట్టాలో మొదట ఎవరెవరి పుటలు విప్పి చదివారో వాళ్లలో ఒకరు మన తెలుగు పిల్లవాడే. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారులో చూసిన లెడ్‌బీటర్, అతని పూర్వజన్మలు చదవడం మొదలుపెట్టాడు. క్రీస్తుకు ముందు 22,662 నుంచి మొత్తం ముప్పై జన్మలు! కృష్ణమూర్తికి ఆల్సియోన్ అని నక్షత్రం పేరు పెట్టాడు. అనీ బిసెంట్ హెరాక్లీస్, తాను సిరియస్. సమాజం పత్రికలో అవి వస్తుంటే అడయారులో ఒకటే ఆరాటం: ‘ఆ జన్మల్లో మీరున్నారా?’ చదివేవాడికీ వినేవాడికీ పరిచయమున్న మనుషులే ప్రతి యుగంలోనూ తారసపడటం కొంచెం అనుమానించాల్సిన సంగతే.

1929లో కృష్ణమూర్తి తన చుట్టూ కట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు.

ఇవాళ్టి ఆకర్షణ వేరు. లిండా హోవ్ లాంటి వాళ్లు దివ్యదృష్టి అక్కర్లేదన్నారు: ఒక ప్రార్థన, మనిషి అసలు పేరు చాలు. వచ్చిన జవాబు నిజమో కాదో సరిచూసేందుకు మాత్రం ఆ పద్ధతిలో దారి లేదు. చిత్రగుప్తుడైతే చిట్టా మన చేతికివ్వడు, ఇక్కడ ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.