రిఫ్రిజిరేటర్: చలి తయారీ కాదు, వేడి తరలింపు

రిఫ్రిజిరేటర్ అనేది ఒక మూసిన పెట్టెలోని వేడిని తోడి బయట పారబోసే యంత్రం. వాడుకలో ఫ్రిజ్ అంటాం. ఇది చలిని పుట్టించదు. భౌతికశాస్త్రం లెక్కలో చలి అనే పదార్థం గానీ శక్తి గానీ లేవు. ఉన్నది వేడి ఒక్కటే, అది తగ్గితే చలి అంటున్నాం. వేడి తనంతట తాను వెచ్చని చోటి నుంచి చల్లని చోటికే వెళ్తుంది. పల్లంలోని నీటిని మెరక మీదికి ఎక్కించాలంటే మోటారు కావలసినట్టే, చల్లటి పెట్టెలోని వేడిని వెచ్చటి వంటగదిలోకి పంపాలంటే బయటి నుంచి పని జరగాలి. ఫ్రిజ్ వాడే కరెంటు ఆ పనికే ఖర్చవుతుంది. పెట్టె వెనకో పక్కలకో చెయ్యి పెడితే తగిలే వేడిలో లోపలి పాల వేడి, కూరల వేడి, మోటారు వాడిన కరెంటు వేడి కలిసి ఉంటాయి.

ద్రవం ఆవిరైతే చుట్టూ చల్లబడుతుందన్న సంగతి చాలా పాతది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది గోడల్లోంచి ఊరిన చెమ్మ ఆరిపోవడం వల్లే. దీన్ని ప్రయోగశాలలోకి తెచ్చినవాడు స్కాట్లండ్ వైద్యుడు విలియం కల్లెన్. సారాయిలో ముంచి తీసిన థర్మామీటరు గాలిలో ఒకటి రెండు డిగ్రీలు పడిపోతోందని ఒక విద్యార్థి చెబితే, ఆయన రకరకాల ద్రవాలతో పరీక్షించాడు. తొందరగా ఆవిరయ్యే ద్రవమైతే చల్లదనం ఎక్కువని తేలింది. ఆ తర్వాత ఈథర్ ఉన్న చిన్న పాత్రను నీళ్లున్న పాత్రలో ఉంచి, రెండింటినీ గాజుగంట కింద పెట్టి పంపుతో గాలి లాగేశాడు. ఒత్తిడి తగ్గగానే ఈథర్ బుడబుడా మరిగింది. చుట్టూ ఉన్న నీరు గడ్డకట్టింది. దీని వివరాలు 1756లో అచ్చయ్యాయి.

ఒక ద్రవం నిప్పు లేకుండా మరుగుతూ పక్కనున్న నీటిని మంచుగా మార్చడం అప్పట్లో వింతే. కారణం కొన్నేళ్లకు కల్లెన్ శిష్యుడు జోసెఫ్ బ్లాక్ ద్వారా తెలిసింది. ద్రవం ఆవిరిగా మారడానికి చాలా వేడి కావాలి. ఆ వేడి థర్మామీటరులో కనిపించదు, ఆవిరిలో దాగి ఉంటుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. కల్లెన్ ఈథర్‌కు ఆ వేడి దొరికింది పక్కనున్న నీటి నుంచే.

అయితే కల్లెన్ చేసినది ప్రయోగమే గానీ యంత్రం కాదు. ఈథర్ ఆవిరై పంపులోంచి గాలిలో కలిసిపోయేది. గుప్పెడు మంచుకు అంత ఖరీదైన ద్రవం పోగొట్టుకోవడం ఎవరికీ గిట్టుబాటు కాదు. పైగా ఆవిరి మోసుకెళ్లిన వేడి ఏమైందన్న ప్రశ్న అలాగే మిగిలింది. 1805లో అమెరికన్ ఇంజనీరు ఆలివర్ ఎవాన్స్, ఆవిరిని పట్టి మళ్లీ ద్రవం చేయవచ్చని కాగితం మీద రాశాడు. యంత్రం మాత్రం కట్టలేదు.

ఆ పని చేసినది లండన్‌లో స్థిరపడిన అమెరికన్ జేకబ్ పెర్కిన్స్. 1834లో ఆయన పేటెంట్ తీసుకున్నప్పుడు వయసు అరవై ఎనిమిది. యంత్రంలో భాగాలు నాలుగు. ఈథర్ తక్కువ ఒత్తిడిలో మరుగుతూ వేడిని పీల్చే పాత్ర ఒకటి. ఆ ఆవిరిని లాగి నొక్కే పంపు రెండోది. నొక్కుడుకు వేడెక్కిన ఆవిరి, నీటిలో మునిగిన గొట్టాల్లో తన వేడి వదిలి మళ్లీ ద్రవమయ్యే చోటు మూడోది. ఆ ద్రవాన్ని కొంచెం కొంచెంగా మొదటి పాత్రలోకి వదిలే కవాటం నాలుగోది. చుక్క వృథా కాకుండా అదే ఈథర్ తిరుగుతూ ఉంటుంది. ఈ నాలుగూ ఇప్పటి ఫ్రిజ్‌లో ఇదే వరసలో ఉన్నాయి.

ఇక్కడి కీలకం రెండో భాగం, అంటే పంపు. ఏ ద్రవమైనా ఎంత వేడిలో మరుగుతుందో నిర్ణయించేది దాని మీది ఒత్తిడి. ఒత్తిడి తగ్గిస్తే గడ్డకట్టించే చలిలోనూ మరుగుతుంది. పెంచితే, దాని ఆవిరి వేసవి గాలికన్నా వేడిగా ఉండగానే ద్రవంగా మారిపోతుంది. అంటే పంపు చేసేది ఆవిరిని చల్లబరచడం కాదు, ఇంకా వేడెక్కించడం. బయటి గాలికన్నా వేడిగా ఉంటేనే అది తన వేడిని బయట వదలగలదు. చల్లబరిచే యంత్రం నడుమ ఒక వేడెక్కించే అంచె ఉండటం మొదటిసారి చదివినవారికి మింగుడు పడదు, కానీ వేడి తరలింపు అంతా ఆ అంచె మీదే నిలబడింది.

పెర్కిన్స్ యంత్రం మంచు చేసింది గానీ అమ్ముడుపోలేదు. కొంత కారణం సహజ మంచు చవక కావడం. అమెరికాలోని మాసచూసెట్స్ చెరువుల్లో చలికాలం కోసిన మంచుగడ్డలను ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి రంపపుపొట్టులో పేర్చి ఓడలమీద పంపేవాడు. 1833లో అలా ఒక సరుకు కలకత్తా చేరింది. మద్రాసు సముద్రతీరంలో ఆ మంచు నిలవ ఉంచిన ఐస్‌హౌస్ నేటికీ ఉంది, ఇప్పుడు దాన్ని వివేకానంద ఇల్లం అంటారు. 1870లలో ఆవిరి యంత్రాలతో ఐసు ఇక్కడే తయారవడం మొదలయ్యాక ఆ ఓడల వ్యాపారం మూతపడింది.

మధ్యలో వేరే దారి కూడా నడిచింది. ఫ్లోరిడాలోని అపలాచికోలాలో వైద్యుడు జాన్ గోరీ జ్వర రోగుల గదులు చల్లబరచడానికి గాలినే నొక్కి, చల్లబరిచి, వ్యాకోచింపజేసే యంత్రం కట్టి 1851లో పేటెంట్ పొందాడు. పెట్టుబడి దొరక్కుండానే 1855లో పోయాడు. ఆవిరి దారిని నిలబెట్టినవారిలో ఒకరు ఆస్ట్రేలియాలోని జీలాంగ్ పత్రికా సంపాదకుడు జేమ్స్ హారిసన్, ఇంకొకరు జర్మన్ ఇంజనీరు కార్ల్ లిండె. సాదీ కార్నో 1824లో ఉష్ణయంత్రాల మీద రాసిన సిద్ధాంతాన్ని తిరగేసి, ఎంత పనికి ఎంత వేడి తరలించవచ్చో లిండె లెక్కగట్టాడు. 1876కల్లా అమ్మోనియాతో నడిచే కంప్రెసర్ తయారుచేశాడు. మొదటి కొనుగోలుదార్లు బీరు కాచేవాళ్లు.

ఇంట్లోకి రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. అడ్డు గ్యాసే. అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ మూడూ విషాలే. బెర్లిన్‌లో ఇలాంటి గ్యాస్ కారి ఒక కుటుంబం చనిపోయిందని చదివి ఐన్‌స్టీన్, లియో జిలార్డ్ కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ రూపొందించి 1930లో అమెరికా పేటెంట్ పొందారు. దాని అవసరం పెద్దగా రాలేదు, ఎందుకంటే 1928లోనే థామస్ మిడ్గ్లీ బృందం మంటా విషమూ లేని ఫ్రియాన్ కనిపెట్టింది. అది ఓజోన్ పొరను తింటుందని మారియో మోలినా, షేర్వుడ్ రోలండ్ 1974లో హెచ్చరించారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాని వాడకానికి గడువు పడింది. తర్వాత వచ్చిన R134a ఓజోన్‌ను వదిలేసినా భూమిని వేడెక్కిస్తుంది. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా కనిపించేది R600a, అంటే ఐసోబ్యూటేన్. ఇది మండే గ్యాస్. కానీ ఫ్రిజ్‌లో నింపేది కొన్ని పదుల గ్రాములే.

ఒక లీటరు నీటితో లెక్క చూద్దాం. 30 డిగ్రీల నీటిని సున్నాకు తేవడానికి సుమారు 126 కిలోజౌళ్ల వేడి తీయాలి. సున్నా దగ్గరే గడ్డకట్టించడానికి మరో 334. మొత్తం 460. ఫ్రీజర్ గోడలో ఐసోబ్యూటేన్ −25 డిగ్రీల దగ్గర మరుగుతుందనుకుంటే, కిలో గ్యాస్ ఒక చుట్టులో రమారమి 250 కిలోజౌళ్లు లాగుతుంది. అంటే కిలో ఎనిమిది వందల గ్రాముల గ్యాస్ మరగాలి. ఉన్నది 50 గ్రాములైతే అది సుమారు 37 సార్లు చుట్టాలి. కంప్రెసర్ తాను వాడిన ప్రతి జౌలు కరెంటుకు ఒకటిన్నర జౌళ్ల వేడి తరలిస్తే, కరెంటు ఖర్చు 307 కిలోజౌళ్లు, యూనిట్‌లో పన్నెండో వంతు. వంటగదిలోకి వచ్చేది రెండూ కలిపి 767 కిలోజౌళ్లు. ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టుకుంటే గది చల్లబడదని, వేడెక్కుతుందని ఈ కూడికే చెబుతుంది.

కార్నో లెక్క ప్రకారం ఈ తరలింపుకు పైహద్దు ఉంది. లోపల −25, వెనక కాయిల్ 45 డిగ్రీలైతే జౌలుకు మూడున్నర జౌళ్లకు మించి ఎవరూ తరలించలేరు. కాయిల్ 55కు చేరితే ఆ హద్దు మూడుకు దగ్గరవుతుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో గదిగాలే నలభై దాటినప్పుడు కాయిల్ దానికన్నా వేడిగా ఉండాలి కాబట్టి కంప్రెసర్ ఎడతెగకుండా ఆడుతుంది. వెనక కాయిల్ ఉన్న ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టినా, కాయిల్‌కు దుమ్ము పట్టినా ఇదే జరుగుతుంది. ఫ్రిజ్ పలకమీద T అని వాతావరణ తరగతి ఉంటే 16 నుంచి 43 డిగ్రీల గదికి తయారైనదని అర్థం. N అని ఉంటే పైహద్దు 32.

కూలింగ్ తగ్గిందనగానే గ్యాస్ అయిపోయింది, నింపాలి అని వినిపిస్తుంది. గొట్టాలన్నీ అతికి మూసిన చుట్టు కనుక గ్యాస్ పెట్రోలులా ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారిందనే. ఆ చోటు పట్టి అతకకుండా నింపితే మళ్లీ కారిపోతుంది. కారిన ఫ్రిజ్ గుర్తులు ఇవి: కంప్రెసర్ ఆగదు, వెనక కాయిల్ గోరువెచ్చగా కూడా ఉండదు, ఫ్రీజర్ గోడలో ద్రవం వచ్చే కొసన మాత్రమే మంచు పడుతుంది, మిగతాది బోసిగా ఉంటుంది. కాయిల్ వేడిగానే ఉండి ఫ్రీజర్ గోడ మందంగా మంచు పట్టి ఉంటే గ్యాస్ సంగతి కాదు, ఆ మంచే వేడిని గోడ దాకా రానివ్వడం లేదు. తలుపు రబ్బరు సరిగా ఆనకపోతే తేమ లోపలికి వచ్చి అలా పేరుకుంటుంది. మడిచిన కాగితాన్ని తలుపులో పెట్టి మూసి లాగితే, తేలిగ్గా వచ్చేస్తే రబ్బరు లోపం తెలిసిపోతుంది.

ఇంకొక లోపం తికమక పెడుతుంది. ఫ్రిజ్ కాసేపు బాగా చల్లబరిచి, ఆపైన ఆగిపోయి, కరెంటు తీసి కొన్ని గంటలుంచితే మళ్లీ పని చేస్తుంది. చుట్టులో చేరిన కాస్త తేమ, పెర్కిన్స్ కవాటం స్థానంలో ఇప్పుడున్న వెంట్రుకలాంటి సన్నటి రాగి గొట్టం కొసన గడ్డకట్టి దారి మూసేస్తుంది. చలి తగ్గగానే అది కరిగి దారి తెరుచుకుంటుంది. రిపేరులో గ్యాస్ నింపేముందు మెకానిక్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి, తేమ పీల్చే చిన్న డ్రయర్ మార్చేది ఇందుకే. ఆ పంపు చేసే పని కల్లెన్ గాజుగంటలో చేసినదే: ఒత్తిడి తగ్గించి, గొట్టాల్లో మిగిలిన తేమను వేడి చేయకుండానే ఆవిరి చేసి లాగేయడం.