తాళంలో దూరిన నీరు

ఎంజైము తాళమైతే, అది పనిచేసే పదార్థం తాళపుచెవి అని 1894లో ఎమిల్ ఫిషర్ పోల్చారు. సరిపడని ఆకారం లోపలికి పోలేదు, కనుక చర్య లేదు. మరి లోపలికి పోగలిగినదాని సంగతి ఏమిటి?

ఈస్టులోని హెక్సోకైనేజు ఎ.టి.పి. నుండి ఫాస్ఫేటును తీసి గ్లూకోజుకు చేరుస్తుంది. గ్లూకోజు కుదురుకునే చోట చిన్న నీటి అణువు సులభంగా దూరగలదు. అయినా నీటితో ఈ చర్య సుమారు 40,000 రెట్లు మందం. గ్లూకోజు తగిలినప్పుడే ఎంజైము రూపు మార్చుకొని, చర్య జరిపే భాగాలను తగిన చోట నిలుపుతుందని 1958లో డేనియల్ కోష్‌లాండ్ ప్రతిపాదించారు. నీటికి ఆ మార్పు తెచ్చే శక్తి లేదు.

పరీక్ష చూడండి. గ్లూకోజును పోలినా ఫాస్ఫేటును అందుకునే కొస లేని జైలోజును కలిపితే, నీటితో చర్య వేగం హెచ్చుతుంది! ఎంజైమును ముడిచేది జైలోజు. ఫాస్ఫేటును అందుకునేది నీరు. కనుక లోపలికి చేరడం ఒక్కటే చాలదు; ఎంజైము సరిగా ముడుచుకున్నప్పుడే వేగం వస్తుంది.