మేల్కొలుపు పదం

మేల్కొలుపు పదం అనగా మాట వినే స్పీకరును ఆదేశానికి సిద్ధం చేసేందుకు పలికే పదం. 2014లో అమెరికాలో విడుదలైన అమెజాన్ ఎకోకు ఈ పదం "అలెక్సా". గూగుల్ హోమ్ (2016)కు "ఓకే గూగుల్" లేదా "హే గూగుల్" అనాలి.

పనిచేయు విధానం

స్పీకరులోని మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అయితే అది విన్న శబ్దం కొద్ది క్షణాలు మాత్రమే జ్ఞాపకంలో నిలిచి, దాని మీదనే కొత్త శబ్దం వచ్చి చేరుతుంది. పరికరంలోని ఒక చిన్న ప్రోగ్రాము ఆ శబ్దంలో మేల్కొలుపు పదాన్ని మాత్రమే వెదుకుతుంది. పోలిక కుదిరితే దీపం వెలుగుతుంది, అప్పటినుండి మాటలు కంపెనీ సర్వర్లకు వెళ్తాయి. అక్కడ ఆ పదాన్ని మరొకసారి సరిచూసి, పొరపాటైతే సంభాషణను ఆపివేస్తారు.

పోలిక ఎంత కచ్చితంగా ఉండాలన్నదే అసలు చిక్కు. పట్టు సడలిస్తే టీవీలో వినిపించిన "అలెక్స్" అనే పేరుకు కూడా స్పీకరు మేలుకొంటుంది. బిగిస్తే యజమాని పిలిచినా పలకదు. అందుకే మామూలు మాటల్లో తరచు రాని, స్పష్టమైన ధ్వనులున్న పదాన్ని ఎంచుకుంటారు. "అలెక్సా"లోని "క్స" ధ్వని ఇందుకు ఉపకరించింది. పిలిచినవారెవరో ఈ పదం చెప్పదు. 2017 ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ తన టీవీ ప్రకటన చివర "ఓకే గూగుల్" అనిపించి, తన బర్గరు గురించి అడిగించింది. ఇళ్ళలోని స్పీకర్లు మేలుకొని వికీపీడియా వ్యాసం చదవసాగాయి. కొందరు ఆ వ్యాసాన్నే మార్చివేశారు. కొన్ని గంటల్లోనే గూగుల్ ఆ ప్రకటనకు స్పందించకుండా చేసింది.

మర్యాద మాటలు

చాలామంది ఈ పదానికి ముందు "హలో", జవాబు తరువాత "థాంక్యూ" చేరుస్తారు. స్పీకరుకు వీటి అవసరం లేదు. పదానికి ముందున్న "హలో" వెదుకులాటలో లెక్కకు రాదు. జవాబు ముగిసి దీపం ఆరిన తరువాత చెప్పిన "థాంక్యూ" సర్వరుదాకా చేరనే చేరదు. చేరాలంటే మళ్ళీ "అలెక్సా" అని పిలవాలి, లేదా జవాబు తరువాత కూడా కాసేపు వినే సదుపాయాన్ని ముందే ఎంచుకొని ఉండాలి.

అయినా ఎందుకంటారన్నదానికి ఆధారం స్పీకర్లకంటే పాతది. క్లిఫర్డ్ నాస్, యంగ్మీ మూన్, పాల్ కార్నీ 1999లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారు ముందుగా ఒక కంప్యూటరుతో పనిచేశారు. తరువాత అది ఎలా పనిచేసిందని కొందరిని అదే కంప్యూటరు, కొందరిని వేరొక కంప్యూటరు అడిగింది. మిగిలినవారు కాగితంపై వ్రాశారు. అడిగినది అదే కంప్యూటరైనప్పుడు జవాబులు ఎక్కువ మెప్పుగా వచ్చాయి. మనిషి ఎదుట అతని లోపాలు చెప్పడానికి మొగమాటపడినట్లే ఇదీను. యంత్రంపట్ల మర్యాద చూపామని మాత్రం వారెవరూ ఒప్పుకోలేదు. యంత్రానికి మనసుందన్న నమ్మకంతో కాక, సంభాషణలో అలవాటైన తీరు ఆలోచనకు ముందే పనిచేయడంవల్ల ఇలా జరుగుతుందని పరిశోధకుల వివరణ. గొంతు, పేరు రెండూ ఉన్న స్పీకరు విషయంలో ఆ అలవాటుకు ఊతం మరింత ఎక్కువ.

పిల్లలు స్పీకరును గద్దిస్తున్నారని తల్లిదండ్రులనుండి ఫిర్యాదులు రాగా, 2018లో అమెజాన్, గూగుల్ రెండూ "ప్లీజ్" అన్న పిల్లలను మెచ్చుకొనే సదుపాయాన్ని చేర్చాయి. ఇది ఆంగ్ల సంభాషణకు తగినట్లు కూర్చినది. తెలుగులో మర్యాద "చెప్పు", "చెప్పండి" అనే క్రియారూపాల తేడాలోనే ఉంటుంది కనుక "ప్లీజ్" వంటి ఒక్క పదాన్ని వెదికితే అది దొరకదు.