పాట్ల డ్రా

టోర్నమెంటు జట్లను ర్యాంకును బట్టి పాట్లుగా విడదీసి, ఒక్కో పాట్ నుంచి ఒక్కో జట్టును లాటరీలో తీసి గ్రూపులు కట్టే పద్ధతి. ఒకే ఖండ సమాఖ్య జట్లు ఒకే గ్రూపులో పడకూడదన్నది ఇందులోని షరతు.

2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్ డ్రా 2017 డిసెంబరు 1న మాస్కోలో జరిగింది. 32 జట్లలో ఐరోపావి 14, గ్రూపులు ఎనిమిదే. అందుకే ఐరోపాకు మాత్రం గ్రూపుకు రెండు జట్ల వరకు అనుమతించారు. మూడు పాట్లు ముగిసేసరికి ‘బి’ గ్రూపులో పోర్చుగల్, స్పెయిన్, ఇరాన్ ఉన్నాయి. కాబట్టి నాలుగో పాట్‌లోని సెర్బియా గానీ, ఆసియా జట్లు గానీ అక్కడికి రాలేవు. మొరాకో, నైజీరియా, పనామాలే రాగలవు. ఆ మూడూ వేరే గ్రూపులకు పోతే ‘బి’కి జట్టే దొరకదు. అందుకే జట్టు పేరు తీసిన ప్రతిసారీ మిగతావాటికి చోటు ఉంటుందో లేదో సరిచూస్తారు. ఉండదనుకుంటే ఆ జట్టును తర్వాతి గ్రూపుకు జరుపుతారు. ‘బి’లో చివరికి మొరాకో చేరింది.